మిల్లెట్ కేఫ్ ఓపెనింగ్ ఆఫర్ చూసి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో మా కాలనీ దగ్గర కొత్తగా మిల్లెట్ కేఫ్ తెరిచారు. ఓపెనింగ్ వారం పోస్టులో కొర్ర పొంగలి, సామల పులిహోర, జొన్నరొట్టె థాలీ, రాగి మాల్ట్, రాగి పిజ్జా ఫొటోలు పెట్టి, ‘మెనూ అంతా నూరు శాతం మిల్లెట్, షుగర్ లేదు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ’ అని రాశారు. నాన్నగారికి షుగర్ ఉంది కదా, ఆయన తినగలిగేవి దొరుకుతాయని తీసుకెళ్లాను.

ముందు బిల్లు సంగతి. 220 రూపాయల థాలీలు రెండు, 90 రూపాయల మాల్ట్‌లు రెండు తీసుకున్నాం. ఆఫర్ ప్రకారం 310, దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపితే 325.50 అవ్వాలి. వచ్చింది 612.15. ఆఫర్ డ్రింక్స్‌కే అట, ఆ మాట పోస్టులో ఎక్కడా లేదు. పైగా అడగకుండానే 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేశారు. హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ మాట చెప్పాక తీసేశారు, 556.50 కట్టాం. థాలీ మీద ఆఫర్ మాత్రం ఇవ్వలేదు. మీరు వెళ్తే పోస్టు స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని, ఏ ఐటమ్‌కి ఆఫర్ ఉందో ఆర్డర్‌కి ముందే అడగండి. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

డబ్బు కన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించింది రొట్టె. గోధుమపిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ జొన్నపిండిలో ఉండదు, అందుకే జిగురు రాదు. వేడినీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టి చేస్తారు. అంచులు పగులుతాయి, చల్లారాక మడిస్తే విరుగుతుంది. వీళ్ల రొట్టె అంచు చక్కగా గుండ్రంగా ఉంది, చల్లారాక కూడా నాలుగు మడతలు పడింది, లాగితే సాగింది. గట్టిగా అడిగితే ‘సాఫ్ట్‌గా రావాలని సగం గోధుమపిండి కలుపుతాం’ అన్నారు. రాగి పిజ్జా కింది రొట్టెలో మైదా ఉందని కూడా అప్పుడే ఒప్పుకున్నారు. కలపడం తప్పని నేననను, చాలా ఇళ్లలో కలుపుతారు. కానీ నూరు శాతం అని రాసి కలిపితే, గోధుమ పడని సీలియాక్ ఉన్నవాళ్ల పరిస్థితి ఏంటి? వాళ్లకు ఆ ఒక్క రొట్టె చాలు, ఆరోగ్యం పాడవడానికి.

రాగి మాల్ట్‌లో పంచదార లేదన్న మాట నిజమే. బెల్లం మాత్రం దండిగా వేశారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే, రక్తంలో షుగర్ పెంచడంలో పంచదారకు పెద్దగా తేడా లేదు. నాన్నగారు రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశారు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం వేయకుండా, మజ్జిగతో కలిపిన ఉప్పు జావ ఇస్తారేమో అడగండి.

సామల పులిహోర బాగుంది, అది చెప్పాలి. గింజ చిన్నగా, గుండ్రంగా ఉంది, బియ్యం నూక కలిపినట్టు అనిపించలేదు. రొట్టెలో, పిజ్జాలో ఏం కలుపుతున్నారో మెనూ బోర్డు మీద రాయమని మేనేజర్‌కి చెప్పి వచ్చాను. రాసేదాకా గోధుమ పడనివాళ్లు అక్కడ ఆ రెండూ ముట్టుకోకండి.