తాండూరు బండ మీద మూడు రకాల చెక్క: మూడేళ్ల వాడకం తర్వాత

గది 12×14 అడుగులు, ఎత్తు 10 అడుగులు. నేల తాండూరు నీలి బండ. దాని మీద మూడు రకాల చెక్క సామాను ఉంది. పాత టేకు దివాను, దాని పక్కనే టేకు పుస్తకాల బీరువా. ఎర్ర మహాగని రంగు పాలిష్ పట్టించిన షీషమ్ డైనింగ్ టేబుల్, నాలుగు కుర్చీలు. ముదురు వెంగే లామినేట్ వేసిన టీవీ యూనిట్. గోడలకు అప్పటిదాకా నారింజ ఛాయ ఉన్న లేత పీచు పండు రంగు. ఒక్క సామాను కూడా కొనకుండా, నేలను ముట్టుకోకుండా గోడ రంగు, కుర్చీల పాలిష్, నేల మీద తివాచీ, దీపాలు, కర్టెన్ కడ్డీ, ఫొటో ఫ్రేములు మాత్రం మార్చి మూడేళ్లయింది. వీటిలో గోడ రంగూ దీపాలూ పూర్తిగా నిలిచాయి. కుర్చీల పాలిష్ ముప్పాతిక వంతు పనిచేసింది. తివాచీ విషయంలో మొదటి ఎంపిక తప్పింది, రెండోది కుదిరింది.

రెండు చెక్కలు పక్కపక్కన పెట్టినప్పుడు అందరం ముందు చూసేది ఏది ముదురు, ఏది లేత అని. నిజానికి ఆ తేడాను కన్ను తేలిగ్గానే ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది జీర కలవకపోవడాన్ని. ప్రతి చెక్కకూ దాని గోధుమ రంగు కింద ఒక జీర ఉంటుంది: పసుపో, ఎరుపో, బూడిదో. అది తెలియాలంటే ఉదయం పదింటి వేళ లైట్లన్నీ ఆపి, ఎండ నేరుగా పడని చోట ఒక తెల్ల కాగితాన్ని చెక్కకు ఆనించి చూడాలి. తెలుపు పక్కన జీర దాగదు. అలా చూస్తే టేకులో పసుపు, కుర్చీల్లో ఎరుపు, వెంగేలో బూడిద కలిసిన నలుపు కనిపించాయి.

బండకూ ఇదే పరీక్ష, కాకపోతే ముందు తడిగుడ్డతో తుడిచి తడి ఉండగానే చూడాలి. పాలిష్ పోయిన తాండూరు బండ మీద సన్నటి గీతలు వెలుగును చెదరగొట్టి తెల్లటి పొరలా కనిపిస్తాయి, ఆ పొర కింద అసలు రంగు కనపడదు. తడిస్తే ఈ గది బండ ఉత్త బూడిద కాదని, నీలం, ఆకుపచ్చ కలిసిన బూడిద అని తేలింది. చిక్కు ఎక్కడుందో అక్కడే అర్థమవుతుంది. ఆకుపచ్చ జీర పక్కన ఎరుపు ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. దుకాణంలో తెల్ల టైల్స్ మీద గోధుమ రంగులో కనిపించిన కుర్చీలు ఈ బండ మీదికి రాగానే ఎర్రబారినట్టు అనిపించడానికి కారణం ఇదే. పీచు గోడ చేసిన చెరుపు వేరే రకం. గోడలోనే నారింజ ఛాయ ఎక్కువగా ఉండటంతో దాని ముందు నిలబడిన టేకు తన బంగారు రంగు కోల్పోయి మట్టి రంగులో కనిపించేది.

కాబట్టి గోడ రంగును చెక్కతో కలపాలని చూడకండి. గదిలో మార్చలేనిది నేల, గోడను దానితో కలపాలి. చెక్క ఆ రెంటి మధ్య నిలబడుతుంది.

మూడు రంగులు 200 మి.లీ. శాంపిల్ డబ్బాల్లో తెచ్చి చూశాం: క్రీము, చల్లటి బూడిద, ఇసుక ఛాయ కలిసిన వెచ్చటి బూడిద. నేరుగా గోడకు పూయకూడదు, కింద ఉన్న పాత రంగు చూపును తప్పుదోవ పట్టిస్తుంది. రెండడుగుల చదరపు అట్టలకు ఒక్కోదానికి రెండు కోట్లు వేసి, చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదిలి, వాటిని ప్రతి సామాను వెనకా నిలబెట్టి ఉదయం పదింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి దీపాల కింద చూడాలి. అట్ట అడుగు అంచు నేలకు ఆనాలి, గోడా బండా కలిసే గీత దగ్గరే నిజం తెలుస్తుంది. క్రీము ఆ గీత దగ్గర మాసిన గుడ్డలా కనిపించింది. చల్లటి బూడిద బండతో బాగా కలిసింది గానీ కుర్చీల ఎరుపును మరింత రేపింది. ఇసుక ఛాయ బూడిద రెంటికీ మధ్యన నిలిచింది. ఎంచిన రంగు షేడ్ కార్డు వెనక ఎల్ఆర్‌వీ అనే అంకె 70 దగ్గర ఉంది. అంటే పడిన వెలుగులో సుమారు 70 శాతం తిరిగి పంపుతుందని. వెంగే లాంటి నల్లటి యూనిట్ ఉన్న గదిలో 85 దాటిన తెలుపు వేస్తే ఆ యూనిట్ గోడలో కన్నంలా కనిపిస్తుంది, 50 కంటే దిగితే నీలి బండ మీద గది చీకటి పడుతుంది. తలుపులు, కిటికీలు తీసేస్తే పూయాల్సింది 440 చదరపు అడుగులు, రెండు కోట్లకు నాలుగు లీటర్ల ఎమల్షన్ సరిపోయింది.

ఇక కుర్చీలు. రంగు మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గదిని ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. అప్పుడు జీరలు పోయి ముదురు లేతలే మిగులుతాయి. ఈ గదిలో టేకు లేత బూడిదగా, వెంగే నల్లగా, షీషమ్ సరిగ్గా మధ్యలో పడ్డాయి. అంటే మూడు మెట్లు స్పష్టంగా ఉన్నాయి, ముదురు లేతల్లో తప్పు లేదు. రెండు చెక్కలు దాదాపు ఒకే మెట్టు మీద ఉండి జీరలు మాత్రం వేరైతే అది అన్నిటికంటే చెడ్డ కలయిక, కలపబోయి కుదరనట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు రెంటినీ గదిలో ఎదురెదురు మూలలకు పంపడమే మేలు. ఇక్కడ కుర్చీలను ముదురు చేయక్కర్లేదు, లేత చేయక్కర్లేదు, ఎరుపు ఒక్కటి తగ్గిస్తే చాలు.

దానికి పాత పాలిష్ మొత్తం గీకేయనక్కర్లేదు. 320 నంబర్ ఎమరీతో పై మెరుపు పోయేదాకా మాత్రం రుద్ది, తుడిచి, రా అంబర్ రంగు కలిపిన పారదర్శక పై కోటు పల్చగా స్ప్రే చేయించాలి. రా అంబర్ గోధుమ రంగే, కానీ అందులో ఆకుపచ్చ జీర ఉంటుంది, అది ఎరుపును అణుస్తుంది. 500 మి.లీ. పై కోటుకు 5 మి.లీ. రంగుతో మొదలుపెట్టి, కుర్చీ సీటు అడుగున ఒక జానెడు చోట వేసి, ఆరాక పగటి వెలుగులో బండ మీద పెట్టి చూడాలి. చాలకపోతే రంగు పెంచకండి, అదే పాళ్లలో ఇంకో పల్చటి కోటు వేయండి. ఒకేసారి ఎక్కువ కలిపితే చెక్క పొర కనపడకుండా మూసుకుపోతుంది, పెయింట్ వేసినట్టవుతుంది. బ్రష్షుతో వేస్తే ఒకటి మీద ఒకటి పడిన చోటల్లా చారలు తేలతాయి, అందుకే స్ప్రే. పాత పాలిష్ మీద కొత్త కోటు పట్టుకుంటుందో లేదో కూడా ఆ అడుగు ముక్క మీదే తెలుస్తుంది. ముడతలు పడితే రెండు పాలిష్‌లకూ పొసగలేదని అర్థం, అప్పుడు మొత్తం గీకించక తప్పదు. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువైతే పై కోటు ఆరేటప్పుడు తెల్లటి మసక పడుతుంది. ఇక్కడ ఒక కుర్చీకి అలాగే పడితే మళ్లీ రుద్ది వేయాల్సి వచ్చింది.

లామినేట్ యూనిట్‌కు ఈ వైద్యం ఏదీ పనికిరాదు, అది కాగితం మీద అచ్చువేసిన రంగు. దాన్ని ఒంటరిగా వదలకుండా అదే నలుపును గదిలో ఇంకో రెండు చోట్ల చూపించడం ఒక్కటే దారి. కర్టెన్ కడ్డీ, ఫొటో ఫ్రేములు నల్లవి వేయగానే యూనిట్ వేరే ఇంటి నుంచి తెచ్చినట్టు కనిపించడం మానేసింది.

చెక్క కాళ్లు బండను నేరుగా తాకే చోట జీరల గొడవ ఎక్కువ, మధ్యలో బట్ట పరిస్తే అది తగ్గుతుంది. మొదట వేసింది 5×8 అడుగుల జనపనార తివాచీ. గడ్డి రంగు, గోధుమ రంగు రెండూ అందులోనే ఉండటంతో చూడ్డానికి అదే అన్నిటికంటే అందంగా ఉండేది. కానీ తడిగుడ్డ పెట్టే బండ నేల మీద జనపనార చెమ్మ పీలుస్తుంది. తొలి వానాకాలానికే అడుగున బూజు వాసన వచ్చింది. తర్వాత వేసిన వరంగల్ నూలు దర్రీ ఇప్పటికీ ఉంది. కోరా రంగు మీద ముదురు గోధుమ చారలది, ఉతకొచ్చు, తిరగేసి వేయొచ్చు. కోరా టేకుతో కలుస్తుంది, చార కుర్చీలతో కలుస్తుంది.

దీపాల సంగతి చివర రాస్తున్నాను గానీ పనిలో మొదటగా చేయాల్సింది ఇదే. 6500కె తెల్ల ట్యూబుల కింద టేకు పాలిపోతుంది, బండ మరింత నీలంగా కనిపిస్తుంది. 3000కె పసుపు వెలుగులో టేకు మెరుస్తుంది గానీ ఇసుక బూడిద గోడ మళ్లీ పీచు వైపు జారుతుంది. ఈ బండకు 4000కె, సీఆర్ఐ 90 ఉన్న బల్బులు కుదిరాయి. సీఆర్ఐ అంటే బల్బు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె. సీఆర్ఐ 80 బల్బుల కింద ఎరుపు గోధుమలు మసకబారి కుర్చీలూ యూనిటూ ఒకే రంగులా కనిపించాయి. గదిలో రెండు రకాల వెలుగులు కలపకూడదు, కలిపితే ఒకే టేకు రెండు మూలల్లో రెండు రంగుల్లో కనిపిస్తుంది. గోడ రంగు ఎంచే ముందే బల్బులు మార్చేసుకుంటే రాత్రి పరీక్షకు అర్థం ఉంటుంది.

మూడేళ్లలో మారింది చెక్కే. వెలుగు తగిలిన టేకు ముదిరింది. బీరువా మీద ఎప్పుడూ పరిచి ఉంచిన గుడ్డ తీస్తే దాని కింద లేత చదరం కనిపించింది. గుడ్డ తీసేశాక నెలల మీద ఆ తేడా చాలావరకు తగ్గింది. కుర్చీల కింది పొరలో ఉన్న ఎర్ర స్టెయిన్ కిటికీ వైపు రెంటిలో వెలిసింది, గోడ వైపు రెంటిలో అలాగే ఉంది. కుర్చీల పాలిష్‌కు ముప్పాతిక మార్కులే ఇచ్చింది అందుకే. లామినేట్‌లో మాత్రం కంటికి తెలిసే మార్పు లేదు. టేకు ముదురుతున్న కొద్దీ షీషమ్‌కు ఒక అరమెట్టు దగ్గరైంది. మొదట్లో మెట్ల మధ్య ఎడం బాగా ఉండబట్టి ఇప్పటికీ రెండూ వేరుగానే కనిపిస్తున్నాయి. కుర్చీలను ఇప్పుడు మూడు నెలలకోసారి చోటు మారుస్తున్నాం, డైనింగ్ టేబుల్‌ను ఆరు నెలలకోసారి అటు కొస ఇటు తిప్పుతున్నాం. బండకు మళ్లీ పాలిష్ పట్టించాల్సిన వేళ వచ్చింది. పట్టించాక దాని పచ్చ జీర పైకి తేలుతుంది కాబట్టి పాత అట్టలు పారేయకుండా బీరువా వెనకే ఉంచాం.