మూర్ బౌండ్: శీర్షం నుంచి లెక్కపెట్టాలా, అంచు నుంచి లెక్కపెట్టాలా?

ప్రతి శీర్షానికీ సరిగ్గా d అంచులు ఉన్న గ్రాఫ్ ఒకటి కావాలి. అందులో అతి చిన్న చక్రం పొడవు g ఉండాలి. ఈ d ని డిగ్రీ అని, g ని గర్త్ అని అంటారు. అలాంటి గ్రాఫ్‌కి కనీసం ఎన్ని శీర్షాలు కావాలి? దీనికి జవాబు చెప్పే కింది హద్దే మూర్ బౌండ్. దాన్ని రెండు చోట్ల నుంచి మొదలుపెట్టి లెక్కించవచ్చు.

మొదటి దారి ఒక శీర్షం దగ్గర మొదలవుతుంది. డిగ్రీ 3, గర్త్ 5 తీసుకుందాం. ఒక తాత, ముగ్గురు పిల్లలు, ఒక్కొక్కరికి ఇద్దరు చొప్పున ఆరుగురు మనవలు. వీళ్లలో ఏ ఇద్దరు ఒకటే అయినా నాలుగు లేదా అంతకంటే తక్కువ పొడవున్న చక్రం వచ్చేస్తుంది కాబట్టి అందరూ వేర్వేరు. 1 + 3 + 6 = 10.

ఆ పదితోనే పని అయిపోతుందా? ఒక్కో మనవడికి ఇంకా రెండు అంచులు మిగిలాయి, అవి మనవల మధ్యే వెళ్లాలి. అన్నదమ్ములను కలిపితే త్రిభుజం వస్తుంది. ఒక మనవణ్ణి వేరే ఇంటి అన్నదమ్ములిద్దరితోనూ కలిపితే నాలుగు పొడవు చక్రం వస్తుంది. అంటే ప్రతివాడూ మిగతా రెండు ఇళ్లలో ఒక్కొక్కరితో కలవాలి. ఆరుగురికీ రెండేసి అంచులంటే ఒక ఆరు పొడవు చక్రమో, రెండు త్రిభుజాలో కావాలి. త్రిభుజం కుదరదు, చక్రమే మిగిలింది. మూడు ఇళ్ల మనవలను b1, b2; c1, c2; d1, d2 అంటే ఆ చక్రం b1-c1-d1-b2-c2-d2, మళ్లీ b1. ఇదే పీటర్సన్ గ్రాఫ్. వేరే దారి లేదు కాబట్టి ఇది ఒక్కటే.

ఇప్పుడు గర్త్ 6 అనుకుందాం. ఇదే లెక్క మళ్లీ 10 దగ్గరే ఆగిపోతుంది. మునిమనవలు ఒకరిలో ఒకరు కలిసినా ఆరు పొడవు చక్రమే వస్తుంది, దానికి అనుమతి ఉంది కదా. ఇక్కడ రెండో దారి మేలు: ఒక అంచు దగ్గర మొదలుపెట్టండి. రెండు కొసలు, వాటి కింద నలుగురు, వాళ్ల కింద ఎనిమిది మంది. 2 + 4 + 8 = 14. చివరి ఎనిమిదిలో ఎడమ నలుగురిని కుడి నలుగురితో పైన చెప్పిన జాగ్రత్తతోనే కలిపితే ఎనిమిది పొడవు చక్రం ఏర్పడుతుంది, హీవుడ్ గ్రాఫ్ పూర్తవుతుంది.

శీర్షం దారిని పూర్తిగా తీసిపారేయకండి. గర్త్ 6లో మనవలు ఒకరితో ఒకరు కలవకూడదు (అయిదు పొడవు చక్రం వస్తుంది), కాబట్టి వాళ్ల 12 అంచులు కొత్తవాళ్లకే వెళ్లాలి. ఒక్కో కొత్తవాడు మూడింటినే పట్టగలడు, కనీసం నలుగురు కావాలి. 10 + 4 = 14. అదే జవాబు వచ్చింది, కాకపోతే ఒక అడుగు ఎక్కువ. అంచు దారిని గర్త్ 5కి వాడితే మాత్రం 2 + 4 = 6 దగ్గరే ఆగిపోతాం. నేనైతే బేసి గర్త్‌కి శీర్షం, సరి గర్త్‌కి అంచు అని గుర్తు పెట్టుకుంటాను.

లెక్క వచ్చినంత మాత్రాన సరిగ్గా అదే సంఖ్యలో శీర్షాలతో గ్రాఫ్ ఉంటుందని కాదు. డిగ్రీ 4, గర్త్ 5కి హద్దు 1 + 4 + 12 = 17. ఆ గ్రాఫ్ ఉంటే, ఏ రెండు శీర్షాలైనా పక్కపక్కన ఉంటాయి, లేదా వాటికి ఒకే ఒక్క ఉమ్మడి పొరుగు ఉంటుంది. దాంతో పొరుగు మాత్రిక A కి A² + A − 3I = J అన్న సమీకరణం వస్తుంది, ఇక్కడ J అంటే అన్నీ ఒకట్లే ఉన్న మాత్రిక. ఐగెన్ విలువల్లో ఒకటి 4, మిగిలిన 16 విలువలు (−1 ± √13)/2. √13 కరణీయం, మాత్రికలోవన్నీ పూర్ణాంకాలు కాబట్టి ఈ రెండూ సమానంగా ఎనిమిదేసి సార్లు రావాలి. మొత్తం 4 + 8 × (−1) = −4. కానీ ఐగెన్ విలువల మొత్తం వికర్ణం మొత్తానికి సమానం, A వికర్ణం అంతా సున్నాలే, కాబట్టి మొత్తం సున్నా రావాలి. కాబట్టి 17తో కుదరదు. అసలు జవాబు 19, రాబర్ట్‌సన్ గ్రాఫ్. డిగ్రీ 3కి √13 స్థానంలో √9 వస్తుంది, అందుకే పీటర్సన్ ఈ పరీక్షలో బతికిపోయింది.

అదే డిగ్రీ 4కి గర్త్ 6 అడిగితే హద్దు 26, అది సరిగ్గా అందుతుంది. ఎందుకంటే గర్త్ 6లో హద్దు అందడమూ, డిగ్రీ కంటే ఒకటి తక్కువ క్రమం ఉన్న ప్రక్షేప తలం ఉండడమూ ఒకటే. ప్రక్షేప తలం అంటే ఏ రెండు బిందువుల మీదుగానైనా ఒకే రేఖ వెళ్లే, ఏ రెండు రేఖలైనా ఒకే బిందువులో కలిసే అమరిక; ఒక్కో రేఖ మీద క్రమం కంటే ఒకటి ఎక్కువ బిందువులుంటాయి. గ్రాఫ్‌లో బిందువులు ఒక పక్క, రేఖలు ఒక పక్క. హీవుడ్ అంటే 7 బిందువులు, 7 రేఖలున్న ఫానో తలమే. ప్రధాన సంఖ్యల ఘాతాలకు (2, 3, 4, 5, 7...) అలాంటి తలాలు ఉన్నాయి. అందుకే డిగ్రీ 5, 6 లకు కూడా గర్త్ 6లో 42, 62 బిగుతుగా అందుతాయి. గర్త్ 5లో హద్దులు 26, 37 అయితే నిజంగా కావాల్సినవి 30, 40.

ఇంతవరకు అంచు దారిదే పైచేయి అనిపిస్తుంది. డిగ్రీ 7 దగ్గర తారుమారవుతుంది. క్రమం 6 ఉన్న ప్రక్షేప తలం లేదు, కాబట్టి గర్త్ 6లో 86 అందదు, 90 కావాలి. గర్త్ 5లో మాత్రం 1 + 49 = 50 సరిగ్గా కుదిరింది, అదే 1960లో హాఫ్‌మన్, సింగిల్టన్ కట్టిన గ్రాఫ్. గర్త్ 5లో హద్దు అందగలిగే డిగ్రీలు 2, 3, 7, 57 మాత్రమేనని కూడా వాళ్లే చూపించారు. డిగ్రీ 57కి 3250 శీర్షాల గ్రాఫ్ ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు.