బూందీ రాకముందు పదిహేను రోజుల రిహార్సల్: రెండేళ్ల తర్వాత ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

మా సెల్లార్‌లో ఈనిన వీధికుక్క లారీ కింద పడి చనిపోయింది. మిగిలిన కుక్కపిల్లల్లో ఒకదాన్ని, అదే మా బూందీని, మేం పెంచుకుంటామన్నాం. వాటిని చేరదీసినావిడ వెంటనే ఇవ్వనంది. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ సోకి ఉంటే వాంతులు, నెత్తుటి విరేచనాలు సాధారణంగా రెండు వారాల లోపు బయటపడతాయట. ఈలోగా నట్టల మందు, మొదటి టీకా కూడా అయిపోతాయంది. అలా చేతికొచ్చిన పదిహేను రోజుల్లో మా ఇద్దరు పిల్లల్ని సిద్ధం చేశాం. అప్పటికి అమ్మాయికి పదేళ్లు, అబ్బాయికి ఆరు.

వాడి పాత బొమ్మ ఎలుగుబంటిని కుక్కపిల్ల అనుకున్నాం. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు ఓ వైపు కోసి, పాత దుప్పటి పరిచి, హాల్లో మూలన పెట్టాం. అది పెట్టెలో ఉంటే ఎవరూ చెయ్యి పెట్టకూడదు, తొంగి కూడా చూడకూడదు. బయట ఉంటే మనం నేల మీద కూర్చోవాలి, ఎత్తుకోకూడదు. ఛాతీ దగ్గర నిమురుతూ మూడు అంకెలు లెక్కపెట్టి చెయ్యి తీసెయ్యాలి. అదే మళ్లీ దగ్గరకొస్తే ఇంకో మూడు. మొహం తిప్పుకున్నా, పెదాలు నాక్కున్నా వదిలెయ్యాలి. ఎలుగుబంటి మొహం తిప్పదు కాబట్టి ఆ పని అమ్మాయి చేసేది. ఆ నటన చూసి అత్తయ్యగారు కూడా నవ్వారు, అదీ కుక్క ఇంట్లోకి వద్దని రెండు పూటలు అలిగిన మనిషి.

వీటిలో పెట్టె నియమం బంగారం. ఆ వయసు కుక్కపిల్ల రోజులో ముప్పావు వంతు నిద్రపోతుంది, నిద్ర చెడితే కరుస్తుంది. మా ఇంట్లో ఎవరూ దాన్ని నిద్రలో కదపలేదు. అన్నం తింటున్నప్పుడు ఎవరైనా పక్కన నిలబడ్డా అది ఇప్పటికీ గుర్రుమనదు. మొదటి రోజు నుంచీ దాని గిన్నె జోలికి ఎవరూ వెళ్లకపోవడమే కారణమని నా నమ్మకం.

దెబ్బతిన్నది స్టాచ్యూ ఆట. వెంటపడి కొరికితే చేతులు కట్టుకుని స్టాచ్యూ అయిపోవాలని నేర్పాం. ఎలుగుబంటి ముందు ఇద్దరూ రాతిబొమ్మలే. సూదుల్లాంటి పాలపళ్లు పిక్కను తాకేసరికి వాడు కేక పెట్టి పరుగు తీశాడు. పరిగెత్తేదాన్ని పట్టుకోవడం కుక్కపిల్లకు ఆట, కేక వింటే ఇంకా హుషారు. వారం రోజులపాటు ముడివేసిన పాత తువ్వాలు నా భుజాన ఉండేది. అది కొరకబోతే దాని నోటికి ఆ ముడి అందించడం నా పని. ఆరేళ్లవాడి మీద ఆ భారం వెయ్యడం మా పొరపాటు.

అంతకన్నా పెద్ద పొరపాటు ఒకటుంది. మావారు రిహార్సల్‌లో ఓ మాట అన్నారు: "మీరు సరిగ్గా చూసుకోక అది కరిచిందంటే, తిరిగి ఇచ్చేస్తాం." జాగ్రత్తగా ఉంటారనే అన్నారు. బూందీ వచ్చిన అయిదో రోజు వాడికి స్నానం చేయిస్తుంటే మోచేతి దగ్గర రెండు పంటిగాట్లు, నెత్తురు ఎండి ఉంది. అవి పడి రెండు రోజులైందట. చెబితే దాన్ని పంపేస్తామని పొడుగు చేతుల చొక్కా వేసుకు తిరిగాడు.

రేబిస్ టీకా కుక్కపిల్లకు మూడు నెలలు నిండాకే వేస్తారు. దీనికింకా వెయ్యలేదు, తల్లి సంగతీ తెలియదు. "ఇంట్లో కుక్కపిల్లే కదా" అన్నవాళ్లు ఉన్నారు గానీ, ఎంత చిన్న కుక్కపిల్లకైనా రేబిస్ ఉండొచ్చు. సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. నెత్తురొచ్చిన గాటు కాబట్టి టీకా పనిచేసేలోగా రేబిస్‌ను అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా గాయం చుట్టూ ఇచ్చారు. టీకా ఆ రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. ఆ మొదటి కడుగుడు రెండు రోజులు ఆలస్యమైందన్నది నన్నిప్పటికీ తొలుస్తుంది.

ఆ రాత్రే మాట మార్చాం. "చిన్న గీత పడినా వెంటనే చెప్పాలి. చెప్పినందుకు తిట్టం, బూందీని ఎక్కడికీ పంపం." నాలుగో ఇంజెక్షన్ అయ్యేలోగా వాడు మూడుసార్లు పరిగెత్తుకొచ్చి చూపించాడు. ఒకటి దోమకాటు.

ఎలుగుబంటి నేర్పలేనివి ఇంకా ఉన్నాయి. మొదటి మూడు రాత్రుళ్ల ఏడుపు, ప్రతి గంటకూ ఓ మడుగు. పాలు పోస్తే విరేచనాలవుతాయని పిల్లలకు చెప్పాను గానీ అత్తయ్యగారికి చెప్పడం మరిచాను. ఆవిడ జాలిపడి గిన్నెడు పోశారు, మర్నాడు హాలంతా కడిగింది నేను.

రెండేళ్లకు మూడు అంకెల లెక్క మా వాళ్లకు అవసరం లేదు. వాడి స్నేహితులొస్తే మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి వాడే నేర్పుతాడు. అట్టపెట్టెను బూందీ ఎప్పుడో చింపేసింది. దాని చోటు ఇప్పుడు అత్తయ్యగారి మంచం కింద. అక్కడికి చెయ్యి పెడితే అరిచేది బూందీ కాదు, ఆవిడ.