బొంగు, ముడి, ఇనుప ఫ్రేము, కంకర: ఫొటోలో దేశాన్ని పట్టించేది ఏది?

కట్టడం చుట్టూ పనివాళ్లు నిలబడటానికి కట్టే వెదురు సారవ ఫొటోలో కనిపిస్తే చాలు, చాలామంది వెంటనే "హాంకాంగ్" అనేస్తారు. నేనూ కొన్నేళ్లు అలాగే అన్నాను. ఆ అలవాటు మాన్పించింది ఒక ఫొటో. ఆరంతస్తుల భవనం, చుట్టూ బొంగుల అల్లిక, దానిమీద ఆకుపచ్చ వల, కింద ఇరుకు వీధి. హాంకాంగ్ అని రాసి పక్కన పెట్టాను. నెల తర్వాత అదే ఫొటోను పెద్దది చేసి చూస్తే, రెండు బొంగులు కలిసే చోట గోధుమరంగు పీచు తాడు కనిపించింది. తాడు కొసలు విడిపోయి, పీచు పైకి లేచి ఉంది. హాంకాంగ్‌లో సారవను ఆ తాడుతో కట్టరు.

అప్పటి నుంచి నేను గడ కంటే ముందు ముడి చూస్తున్నాను. కట్టడం ఫొటోలో దేశాన్ని పట్టించే ఆనవాళ్లు ప్రధానంగా నాలుగు. సారవకు వాడిన గడ, గడలను కలిపిన తీరు, ఇనుము వాడితే దాని అమరిక, నేలమీద పోసి ఉన్న సరుకు. వీటిలో ఏది ఎంతవరకు నమ్మదగ్గదో ఒక్కొక్కటిగా చూద్దాం.

గడ అన్నిటికంటే ముందు కళ్లబడుతుంది, కానీ చెప్పేది తక్కువ. వెదురు సారవలు భారత్, బంగ్లాదేశ్, నేపాల్, మయన్మార్, ఇండోనేషియా, హాంకాంగ్, మకావ్‌లలో కనిపిస్తాయి. కాబట్టి వెదురు ఒక ప్రాంతాన్ని చూపిస్తుందే తప్ప దేశాన్ని చూపించదు. గడ నిజంగా పనికొచ్చేది అది వెదురు కానప్పుడే. కణుపులు లేకుండా, బెరడుతో, కింద లావుగా మొదలై పైకి సన్నబడుతూ పోయే కర్ర అయితే వెతకాల్సిన చోటు మారిపోతుంది. దక్షిణ భారతంలో అలాంటివి సరుగుడు కర్రలు. ఇథియోపియాలో అయితే యూకలిప్టస్. 19వ శతాబ్దం చివర్లో రెండో మెనెలిక్ చక్రవర్తి కాలంలో ఆ చెట్టు అడిస్ అబాబా చుట్టూ నాటారు. ఇప్పటికీ అక్కడ సారవకూ, శ్లాబ్ కింద ఆసరాగా నిలబెట్టే పోట్లకూ ఆ కర్రలే కనిపిస్తాయి. ఈ రెండు కర్రలూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. దగ్గరకు వస్తే మాత్రం తేడా తెలుస్తుంది. సరుగుడు కర్రలను తాడుతో కడతారు, యూకలిప్టస్ కర్రలకు మేకులు కొడతారు. అంటే ఇక్కడ కూడా గడ ప్రశ్న వేసి ఆగిపోయింది, జవాబు అతుకు దగ్గరే దొరికింది.

ముడిని కాస్త నిదానంగా చూడాలి. హాంకాంగ్ సారవలో రెండు రకాల వెదురు వాడతారు. లావుగా ఉండే మావ్ జూక్ నిలువు గడలకు, సన్నదైన కావ్ జూక్ ఎక్కువగా అడ్డ గడలకు. అక్కడి భద్రతా నియమావళి ప్రకారం మావ్ జూక్ వ్యాసం కనీసం 75 మిల్లీమీటర్లు, కావ్ జూక్‌ది కనీసం 40 ఉండాలి. అందుకే మంచి ఫొటోలో నిలువు గడలకూ అడ్డ గడలకూ లావులో తేడా స్పష్టంగా తెలుస్తుంది. వాటిని కట్టేది సన్నటి నల్లటి నైలాన్ పట్టీతో. వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు. దాన్ని అతుకు చుట్టూ చాలాసార్లు బిగించి తిప్పి, రెండు కొసలనూ మెలిపెట్టి లోపలికి దోపేస్తారు. ఫొటోలో అది ముడిలా కాదు, నల్లటి ఉంగరంలా కనిపిస్తుంది. ఒక్కోసారి కత్తిరించకుండా వదిలేసిన పట్టీ కొస వెంట్రుకలా వేలాడుతుంది. పీచు తాడు కట్టు అయితే పిడికిలంత ఉబ్బుగా, లేతరంగులో ఉంటుంది. భారత్, బంగ్లాదేశ్‌లలో ఈ కట్టు మామూలు. వాటిలో కూడా ఇప్పుడు ప్లాస్టిక్ తాడు వాడకం పెరిగింది. అయినా అది గుండ్రటి తాడు, హాంకాంగ్‌ది చదునైన పట్టీ. ఈ తేడా పోదు.

హాంకాంగ్‌కే సొంతం అనదగ్గ దృశ్యం ఇంకొకటుంది. ముప్ఫై అంతస్తుల భవనంలో ఎక్కడో పద్దెనిమిదో అంతస్తు కిటికీ బయట, కింద నేలతో సంబంధం లేకుండా, చిన్న వెదురు గూడు ఒకటి వేలాడుతుంటుంది. ఏసీకో పైపుకో రిపేరు కోసం కట్టింది. దాని కింద గోడలోకి బోల్టులతో బిగించిన త్రికోణపు ఇనుప బ్రాకెట్లు కనిపించాలి. బరువంతా మోసేవి అవే. ఆ గూడూ, బ్రాకెట్లూ ఒకే ఫొటోలో ఉంటే నేను ఇంకో ఆనవాలు అడగను. మరీ పట్టుబడితే మకావ్‌ను ఒక్కసారి తలచుకుంటాను, అంతే.

చైనా ప్రధాన భూభాగం సంగతి వేరు. ఒకప్పుడు దక్షిణాదిన వెదురు బాగానే వాడారు. 2021 డిసెంబరులో అక్కడి గృహనిర్మాణ శాఖ ప్రమాదకర పద్ధతుల జాబితా విడుదల చేసి, వెదురు, కర్ర సారవలను అందులో చేర్చి నిషేధించింది. కాబట్టి ఈ మధ్య తీసిన ఫొటోలో ఎత్తైన భవనం నిండా వెదురు ఉంటే హాంకాంగ్ పక్కనే ఉన్న చైనా నగరం షెంజెన్ కంటే హాంకాంగ్‌కే మొగ్గాలి. అయితే 1990ల ఫొటోకు ఈ లెక్క పనికిరాదు. ఫొటో ఎప్పటిదో తెలియకుండా సారవ మీద తీర్పు చెప్పకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

హాంకాంగ్‌లోనూ ఈ లెక్క మారుతోంది. 2025 మార్చిలో ప్రభుత్వం, తన కొత్త భవన నిర్మాణ కాంట్రాక్టుల్లో కనీసం సగానికి లోహపు సారవే వాడాలని చెప్పింది. అదే ఏడాది నవంబరు 26న తాయ్ పో లోని వాంగ్ ఫుక్ కోర్ట్‌లో మరమ్మతులు జరుగుతున్న నివాస భవనాలు తగలబడి ఎందరో చనిపోయారు. ఆ తర్వాత డిసెంబరులో, పెద్ద మరమ్మతులు జరుగుతున్న భవనాల నుంచి వలలు తీసేయమని ఆదేశాలు వచ్చాయి. కనుక వల లేకుండా బొంగులు మాత్రమే కనిపించే పెద్ద భవనం ఫొటో వస్తే, హాంకాంగ్ కాదని కొట్టేయకండి. అది ఆ ఆదేశాల తర్వాత తీసింది కావచ్చు.

ఇక ఇనుము. ఇనుప పైపు ఒక్కదాన్ని చూసి దేశం చెప్పడం కుదరదు. 48 మిల్లీమీటర్ల చిల్లర వ్యాసం ఉన్న పైపు దాదాపు ప్రపంచమంతా ఒకటే. అమరికలో మాత్రం కొంత చదవచ్చు. బ్రిటన్‌లో విడి పైపులను క్లిప్పులతో బిగించే పద్ధతి ఇంకా బలంగా ఉంది. పైపులు అతుకు దాటి ఒకటి జానెడు, ఇంకొకటి మూరెడు బయటికి పొడుచుకొస్తాయి. నడవడానికి చెక్క పలకలు వేస్తారు, పలక చివర చీలకుండా రేకు పట్టీ చుట్టి ఉంటుంది. చైనాలోనూ విడి పైపులు పొడుచుకొస్తాయి, కానీ అక్కడ సారవను ముదురు ఆకుపచ్చ వల పూర్తిగా కప్పేస్తుంది. జర్మనీ వైపు ముందే తయారైన ఫ్రేములు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. అడ్డంగా రెండేసి రెయిలింగులు, రెండు నిలువు ఫ్రేముల మధ్య గడుల్లో ఏటవాలు కడ్డీ అన్నిటిలోనూ కాక కొన్నిటిలోనే. ప్రతి గడిలోనూ ఇంటూ గుర్తులా రెండు కడ్డీలు దాటుకుంటూ ఉంటే అది అమెరికా తరహా ఫ్రేము. అయితే అదే ఫ్రేము జపాన్, కొరియా, వియత్నాం, ఫిలిప్పీన్స్‌లలో కూడా ఉంది కాబట్టి దాన్ని చూసి అమెరికా అనేస్తే తప్పు చేసినట్టే. జపాన్‌ను పట్టించేది ఫ్రేము కాదు, దానిమీది షీటు. సందు లేకుండా ఒకదానికొకటి లేసుతో కుట్టినట్టు బిగించి, తరచుగా నిర్మాణ సంస్థ పేరు పెద్దగా అచ్చువేసి ఉంటుంది. న్యూయార్క్‌ను పట్టించేది ఫుట్‌పాత్ మీద ముదురు ఆకుపచ్చ చెక్కతో కట్టిన పొడవాటి పందిరి. 1979లో భవనం నుంచి ఊడిపడిన పెచ్చు తగిలి ఒక విద్యార్థిని చనిపోవడంతో, మరుసటి ఏడాదే ముఖభాగాల తనిఖీని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ పందిళ్లు అలా పెరిగాయి.

నాలుగోది, చాలామంది చూడనిది, నేలమీది సరుకు. దాని విలువ తెలియాలంటే నా పాత ఫొటో దగ్గరికే మళ్లీ వెళ్లాలి. పీచు తాడు కట్టు చూశాక హాంకాంగ్ పోయింది. భవనం పక్కన బోర్డు మీద బెంగాలీ లిపి సగం కనిపిస్తోంది. అంటే చాలావరకు బంగ్లాదేశ్, లేదా పశ్చిమ బెంగాల్. మొదటి అంతస్తు శ్లాబ్ కింద పోట్లు కూడా వెదురువే, వరసగా ఒత్తుగా నిలబెట్టారు. కానీ అది రెండు చోట్లా ఉండేదే. లిపి, గడ, ముడి, మూడూ ఇక్కడికి వచ్చి ఆగిపోయాయి.

అప్పుడు ఫొటో ఎడమ మూలన, ఇసుక కుప్ప పక్కన, ఎర్రటి కుప్ప ఒకటి కనిపించింది. మొదట మట్టి అనుకున్నాను. దగ్గరగా చూస్తే అంచులు తేలిన ముక్కలు, పగలగొట్టిన ఇటుక. పక్కనే సగం వాడిన సిమెంటు బస్తాలు. బంగ్లాదేశ్ చాలావరకు నదులు తెచ్చిపోసిన ఒండ్రు నేల, రాయి అరుదు. అందుకే అక్కడ కాల్చిన ఇటుకను చితక్కొట్టి కంకరగా కాంక్రీటులో కలపడం విరివిగా ఉంది. దాన్ని ఖోవా అంటారు. పశ్చిమ బెంగాల్‌కు పక్కనే ఝార్ఖండ్‌లోని పాకూర్ నుంచి, తన సొంత బీర్భూమ్ నుంచి నల్లరాతి కంకర వస్తుంది. శ్లాబ్ పనికి అక్కడ ముదురు బూడిదరంగు కుప్ప కనబడటం సహజం. ఎర్ర కుప్ప చూసి ఫొటోను బంగ్లాదేశ్ కింద పెట్టాను.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇటుక ముక్కలు పశ్చిమ బెంగాల్‌లో కూడా పునాది అడుగునా, నేల గచ్చు కిందా పోస్తారు. కాబట్టి ఎర్ర కుప్ప ఉంటే సరిపోదు, అది ఏ పనికి తెచ్చారో చూడాలి. నా ఫొటోలో పునాది ఎప్పుడో అయిపోయింది, పైన శ్లాబ్‌కు ఇనుప ఊచలు కట్టి సిద్ధంగా ఉన్నాయి, కుప్ప పక్కన కాంక్రీటు కలిపే మిక్సర్ ఉంది. ఈ మూడూ కలిసినందుకే నేను నమ్మాను. బంగ్లాదేశ్‌లో పెద్ద ప్రాజెక్టులకు రాతి కంకర దిగుమతి చేసుకుంటారు. అందుకని బూడిదరంగు కుప్ప ఉన్నంత మాత్రాన ఢాకా కాదని మాత్రం అనలేం.

నన్ను అడిగితే, దగ్గరగా తీసిన ఫొటోలో ముడిదే మొదటి స్థానం. దూరం నుంచి తీసి ముడి మసకబారితే, కుప్ప రంగును నమ్ముతాను. ఎందుకంటే రంగు దూరం నుంచి కూడా తెలుస్తుంది. పైగా బరువైన సరుకును ఎవరూ ఊరికే దూరం మోయించరు, దగ్గర్లో దొరికేదే తెచ్చుకుంటారు. ఇనుప అమరిక మూడోది. ఒకచోటి కంపెనీ తయారుచేసిన ఫ్రేములు ఎక్కడెక్కడికో అమ్ముడవుతాయి కనుక, పలకా షీటూ తోడు ఉంటేనే దాని మాట వింటాను. గడను చివర్లో చూస్తాను. ఎర్ర కుప్ప ఫొటోలో నాకు ఇంకా మిగిలిన వెలితి ఒక్కటే. బోర్డు రెండో సగం కనిపించి అందులో జిల్లా పేరు ఉండి ఉంటే, కుప్ప గురించి ఇంత తర్కం అవసరమే ఉండేది కాదు.