బిందువు హద్దు లోపల ఉందా: రే కాస్టింగా, వైండింగ్ నంబరా?

రే కాస్టింగ్: బిందువు నుంచి కుడివైపు ఒక గీత గీసి, అది హద్దును ఎన్నిసార్లు దాటిందో లెక్కించాలి. బేసి అయితే లోపల, సరి అయితే బయట.
వైండింగ్ నంబర్: హద్దు బిందువు చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. సున్నా అయితేనే బయట.

ఖర్చులో తేడా స్వల్పం. కోణాలు కూడకుండా రాస్తే రెండూ ప్రతి అంచునూ ఒక్కసారే చూస్తాయి.

చిక్కు మూలల దగ్గర వస్తుంది. (0,0), (6,0), (6,2), (2,2), (2,6), (0,6) మూలలుగా L ఆకారపు స్థలం అనుకుందాం. (1,2) నుంచి గీసిన గీత (2,2) మూలను తాకి, అడ్డంగా ఉన్న అంచు వెంట సాగిపోతుంది. తాకిన మూలలను లెక్కిస్తే రెండు వచ్చి జవాబు తారుమారవుతుంది. అందుకే ఈ షరతు; y1, y2 అంచు రెండు కొసల y విలువలు, y బిందువుది:

```
(y1 > y) != (y2 > y)
```

దీనితో బిందువుకు కుడివైపున (2,2)–(2,6) అంచు ఒక్కటే లెక్కకు వస్తుంది. ఒకటి బేసి కాబట్టి లోపలే.

పొలం గట్టు వెంట జీపీఎస్‌తో నడిచినవారు మొదలైన చోటు దాటి మళ్లీ కొంత లోపలికి చుట్టి వస్తే, రెండుసార్లు చుట్టిన భాగాన్ని రే కాస్టింగ్ బయట అంటుంది. వైండింగ్ నంబర్ 2 చూపి లోపల అంటుంది. అలాంటి గీతలకు నేను దాన్నే వాడతాను.

మధ్యలో చెరువును మినహాయించిన హద్దుకు మాత్రం రే కాస్టింగే సుఖం. వైండింగ్‌కైతే చెరువు గట్టు మూలలను ఎదురు దిశలో ఇవ్వాలి.