దద్దుర్లు లేని దురద: కాన్పు 37 వారాలకా, 39కా, నొప్పులు వచ్చేదాకానా?

గర్భిణుల్లో వచ్చే కొలెస్టాసిస్ అనే దురద జబ్బు గురించి ఈ మధ్య ఓపీలోనూ ఫోన్లోనూ ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతోంది. "మేడం, దురదకి బైల్ యాసిడ్స్ టెస్టు చేయించాం, ఎక్కువ ఉన్నాయన్నారు. ఇక్కడి డాక్టరుగారు 37 వారాలకే కాన్పు చేసేద్దాం అంటున్నారు. లండన్‌లో మా అక్కకి ఇదే వస్తే 39 దాకా ఆగారు. ఎవరు చెప్పింది కరెక్టు?"

ఇద్దరూ కరెక్టే అయ్యే అవకాశం ఉంది. బైల్ యాసిడ్స్ టెస్టులో ఒకరికి ఒక అంకె, ఇంకొకరికి ఇంకో అంకె వచ్చి ఉంటే చాలు. ఆ అంకె తెలియకుండా "నాకు 37 చెప్పారు, నీకు 39 చెప్పారు" అని పోల్చుకుంటే టెన్షన్ పెరగడం తప్ప ఉపయోగం లేదు.

జబ్బు గురించి చాలామందికి ఇప్పటికే తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. ఏడో నెల తర్వాత అరచేతుల్లో, అరికాళ్ళలో మొదలై రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని దురద ఇది. గోకిన గీతలు తప్ప ఒంటి మీద వేరే మచ్చ కనిపించదు. పొట్ట మీది చారల్లో ఎర్రటి దద్దుర్లతో మొదలయ్యే దురద వేరే, దానివల్ల బిడ్డకు ప్రమాదం లేదు. కాలేయం నుంచి పైత్యరసం సరిగా పారక, అందులోని ఆమ్లాలు రక్తంలో పేరుకోవడం వల్ల వచ్చే కొలెస్టాసిస్ గురించే ఇక్కడ మాట్లాడుకుంటున్నాం. బ్రిటన్ లెక్కల్లో ఇది వెయ్యిమంది గర్భిణుల్లో ఏడుగురికి వస్తే, అక్కడే ఉంటున్న భారత, పాకిస్తాన్ సంతతి వాళ్ళలో 12 నుంచి 15 మందికి వస్తోంది. అంటే మనవాళ్ళలో ఇది అరుదేమీ కాదు.

ఇక అంకె సంగతి. 2019లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. అనేక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన స్త్రీల వివరాలను ఒక్కచోట చేర్చి చూశారు. మొత్తం గర్భకాలంలో బైల్ యాసిడ్స్ ఎప్పుడూ లీటరుకి 40 మైక్రోమోల్స్ దాటనివాళ్ళలో, కడుపులోనే బిడ్డ పోవడం వెయ్యికి ఒకటి రెండు చోట్ల జరిగింది. 40 నుంచి 99 మధ్య ఉన్నవాళ్ళలో వెయ్యికి మూడు దాకా. ఈ రెండూ ఏ జబ్బూ లేని గర్భిణుల్లో మామూలుగా కనిపించే స్థాయికి దగ్గరివే. 100 దాటినవాళ్ళలో మాత్రం వెయ్యికి 34. అంటే మెల్లగా ఎక్కే వాలు కాదది, 100 దగ్గర ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచింది. పైగా ఆ పెరుగుదల 35 వారాల నుంచే కనిపించింది.

కాన్పు తేదీల తేడాలన్నీ దీని నుంచే పుట్టాయి. బ్రిటన్‌లో 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం అత్యధిక అంకె 19 నుంచి 39 మధ్య ఉంటే 40 వారాల లోపు, 40 నుంచి 99 మధ్య అయితే 38, 39 వారాల్లో, 100 దాటితే 35, 36 వారాల్లో కాన్పు చేస్తారు. అమెరికాలో 100 దాటితే 36 వారాలకే. అంతకంటే తక్కువైతే 36 నుంచి 39 లోపు ఎప్పుడైనా, అంకె తక్కువున్న కొద్దీ చివరి వైపుకి. లండన్ అక్కకి 39 ఎందుకు వచ్చిందో, డల్లాస్‌లో ఇంకొకరికి 37 ఎందుకు చెబుతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మరి మన దగ్గర చాలామందికి 37 ఎందుకు చెబుతారు? ఒకటి, పాత అలవాటు. వెనకటి రోజుల్లో బైల్ యాసిడ్స్ అంకెతో పని లేకుండా, జబ్బు పేరు వినగానే 37కి కాన్పు చేసేవారు. రెండోది, ఈ టెస్టు అన్ని ఊళ్ళలోనూ చేయరు. శాంపిల్‌ని సిటీకి పంపాలి, రిపోర్టు వచ్చేసరికి రోజులు పడుతుంది. కాలేయ పరీక్షలోని ఎస్‌జీపీటీ మాత్రమే చూసి నిర్ణయం తీసుకోవాల్సి వస్తే 37 అనడంలో తప్పు లేదు. ఎందుకంటే ఎస్‌జీపీటీ 300 ఉన్నా బైల్ యాసిడ్స్ 30 ఉండొచ్చు, ఎస్‌జీపీటీ 60 ఉన్నా బైల్ యాసిడ్స్ 120 ఉండొచ్చు. దురద తీవ్రత కూడా కొలత కాదు. రాత్రంతా గోక్కునే ఆవిడకి 25, అప్పుడప్పుడూ గోక్కునే ఆవిడకి 110 వచ్చిన సందర్భాలు ఉంటాయి.

37కీ 39కీ తేడా రెండు వారాలేగా అనిపిస్తుంది. 36, 37 వారాల పిల్లల్లో కొందరు పుట్టగానే ఆయాసపడతారు, కొందరు రొమ్ము పట్టి గట్టిగా పీల్చలేరు, షుగర్ పడిపోతుంది, కామెర్లకి లైటు కింద పెట్టాల్సి వస్తుంది. చాలామంది నాలుగైదు రోజుల్లో తేరుకుంటారు, నిజమే. కానీ 25 అంకె ఉన్న తల్లి బిడ్డని వెయ్యికి ఒకటి రెండు ప్రమాదానికి భయపడి పసికందుల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూ దాకా తీసుకెళ్ళడం నా లెక్కకి అందదు. అదే 100 దాటితే ఇంకో ఆలోచనే లేదు, ఎన్‌ఐసీయూ ఉన్న ఆసుపత్రి చూసుకుని 36కే.

కాబట్టి నిజంగా తలపట్టుకోవాల్సింది 40 నుంచి 99 అంకె ఉన్న మధ్య గుంపు గురించే. దానికి ఒక కేసు చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి, తొలి కాన్పు. 32 వారాలకి పుట్టింటికి వచ్చింది. ఇదొక చిక్కు మనకి: సరిగ్గా ఈ జబ్బు మొదలయ్యే నెలలోనే పుట్టింటికి వస్తారు, పాత రిపోర్టులు అత్తగారింట్లో ఉండిపోతాయి. అరికాళ్ళు మండుతున్నట్టు దురద, పిక్కల మీద గోకిన గీతలు, దద్దురు ఒక్కటీ లేదు. ఎస్‌జీపీటీ 96. ల్యాబ్ అబ్బాయి "పరగడుపున రండి" అన్నాడు, అలాగే ఇచ్చింది. బైల్ యాసిడ్స్ 31.

వారం ఆగి, ఈసారి టిఫిన్ తిన్నాక ఇమ్మన్నాను. 58 వచ్చింది. తిన్న తర్వాత పిత్తాశయం ముడుచుకుని ఆమ్లాలు పేగుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరతాయి. అందుకే అంకె పెరుగుతుంది. బిడ్డకి తగిలేది రోజులో ఎక్కువగా ఉండే ఆ అంకే కదా, పరగడుపు అంకె చూసుకుని మనం తృప్తిపడితే ఎలా? బ్రిటన్ 2022 మార్గదర్శకాలు తిండితో సంబంధం లేకుండా తీసిన శాంపిల్‌నే లెక్కలోకి తీసుకుంటాయి, 19 అనే గీత పెట్టింది అందుకే. మన ల్యాబ్ కాగితాల మీద మాత్రం ఇప్పటికీ "0–10" అనే అచ్చవుతుంది. తిన్నాక తీసిన శాంపిల్‌లో 14 వస్తే పక్కన బొద్దుగా హెచ్ అని పడుతుంది, ఇంటిల్లిపాదీ ఏడుపు. అది ఈ జబ్బు కాకపోవచ్చు. దురద తగ్గకపోతే ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చేయించాలి, అంతే. దురద ముందొచ్చి, అంకె తర్వాత పెరగడం మామూలే.

58 చూశాక ఆమెకి ఈ జబ్బులో దురదకి ఇచ్చే ఉర్సో మాత్రలు మొదలుపెట్టాను. "మాత్రలు వేసుకుంటోందిగా, ఇక 40 దాకా ఆగొచ్చు కదా" అని వాళ్ళ నాన్నగారు అడిగారు. 2019లోనే బ్రిటన్‌లో 605 మంది స్త్రీలపై జరిగిన పిచెస్ అనే ట్రయల్ సరిగ్గా దీన్నే పరీక్షించింది. దురద కొద్దిగా తగ్గింది. బిడ్డ ప్రాణం, నెలలు నిండకుండా కాన్పు, ఎన్‌ఐసీయూ, వీటన్నిటినీ కలిపి చూస్తే ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా కనపడలేదు. నిద్ర కోసం ఇస్తాను, కాన్పు ఆలస్యం చేయడానికి కాదు. ఇంకో మెలిక ఏమిటంటే ఉర్సో కూడా ఒక బైల్ యాసిడే. మామూలు ల్యాబ్ పద్ధతి దాన్ని కూడా కలిపే లెక్కపెడుతుంది.

ఆ అమ్మాయికి 35 వారాలకి 64, 36కి 49 వచ్చాయి. తగ్గింది కదా అని సంతోషించారు. నేను తేదీ పెట్టింది 64ని చూసి. అప్పటిదాకా చూసిన అత్యధిక అంకే లెక్క. మార్గదర్శకాల ప్రకారం 38 లేదా 39. నేను 38 అన్నాను. నా కారణం ఒకటే. 37 దాటాక ప్రతి వారం టెస్టు చేస్తూ, అంకె 100 దాటితే అదే రోజు కాన్పుకి సిద్ధం కాగలిగితే 39 దాకా ఆగడం మంచిదే. మా దగ్గర రిపోర్టుకి మూడు రోజులు, ఆదివారం పడితే నాలుగు. ఆ అంధకారంలో ఒక వారం ఎక్కువ ఆగడానికి నా మనసు ఒప్పదు. అదే రోజు రిపోర్టు వచ్చే సిటీలో ఉంటే నేనే 39 అని ఉండేదాన్ని. అంకె 40 లోపు స్థిరంగా ఉన్నవాళ్ళకి ఇక్కడైనా 39 చెబుతాను.

"వారానికి రెండుసార్లు ఎన్‌ఎస్‌టీ, డాప్లర్ నార్మల్ వస్తున్నాయి, ఇంకా భయమెందుకు?" అనేది తర్వాతి ప్రశ్న. మాయ పని తగ్గి బిడ్డ ఎదగని జబ్బుల్లో బిడ్డ గుండె కొట్టుకోవడాన్ని చూసే ఎన్‌ఎస్‌టీ, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ ముందే హెచ్చరిస్తాయి. ఇందులో బిడ్డ బరువు బాగుంటుంది, ఉమ్మనీరు బాగుంటుంది. ఆమ్లాలు ఉన్నట్టుండి బిడ్డ గుండె లయని దెబ్బతీస్తాయని భావిస్తున్నారు. పొద్దున నార్మల్ వచ్చిన ఎన్‌ఎస్‌టీ సాయంత్రానికి హామీ ఇవ్వదు. కదలికలు తగ్గాయనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం చూడకుండా వెంటనే రావాలి.

వాళ్ళ అత్తగారు పంచాంగం చూపించి 37 వారాల ఒక రోజుకి మంచి ముహూర్తం ఉందన్నారు. "డాక్టరమ్మా, ఎలాగూ ముందే తీస్తారు కదా, ఆ రోజే తీసేయండి." కుదరదన్నాను. 38 దాటాక నాలుగు రోజుల్లో ఏదైనా ఎంచుకోండి, నాకు అభ్యంతరం లేదన్నాను. 38 వారాల రెండో రోజు చేర్చుకుని జెల్ పెట్టి నొప్పులు రప్పించాం. మామూలు కాన్పే అయింది, బిడ్డ 2.9 కిలోలు. ఈ జబ్బు ఒక్కదాని వల్ల సిజేరియన్ అవసరం రాదు.

నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా, 40 దాటినా ఆగుదాం అనేది ఈ జబ్బు ఖాయమయ్యాక నేను ఎవరికీ చెప్పను. కవలలైనా, బీపీ, షుగర్ తోడైనా కాన్పు పై లెక్కల కంటే ముందే చేయాల్సి వస్తుంది, మీ డాక్టరు చెప్పిన తేదీనే పట్టుకోండి.

కాన్పు తర్వాత దురద కొద్ది రోజుల్లోనే పోతుంది. ఆరో వారంలో ఒకసారి కాలేయ పరీక్ష ఎల్‌ఎఫ్‌టీ చేయించండి. అప్పటికీ ఎస్‌జీపీటీ దిగకపోతే అది గర్భం వల్ల వచ్చింది కాకపోవచ్చు, కాలేయ డాక్టరుకి చూపించాలి. ఈస్ట్రోజన్ ఉండే గర్భనిరోధక మాత్రలు వాడదామనుకుంటే ముందు ఈ సంగతి చెప్పండి. తర్వాతి గర్భంలో మళ్ళీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ కాబట్టి ఇప్పటి బైల్ యాసిడ్స్ కాగితాలన్నీ తేదీలతో సహా దాచండి. పుట్టింటికి వెళ్ళేటప్పుడు అవే బ్యాగులో ముందు పెట్టుకోవాలి.