టీంలో మనిషి మీద హరాస్‌మెంట్ కంప్లైంట్ వస్తే: కూర్చోబెట్టి మాట్లాడటమా, సస్పెండ్ చేసేయటమా, కమిటీకి ఇచ్చి ఇద్దర్నీ విడిగా ఉంచటమా? ఏది మేలు?

గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసులో ఆపరేషన్స్ చూస్తా నేను. ల్యాబ్, డిస్పాచ్, అకౌంట్స్ అన్నీ కలిపి 38 మందిమి. ఒక సీజన్లో, యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బాగా దిగుతున్న రోజుల్లో, పొద్దున్నే ల్యాబ్ అమ్మాయి ఒక కవర్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. డిస్పాచ్ సూపర్‌వైజర్ మీద రాతపూర్వకంగా కంప్లైంట్. రాత్రి పదకొండు తర్వాత మెసేజ్‌లు, శాంపిల్ రూంలో మరీ దగ్గరకొచ్చి నిలబడటం, జవాబివ్వకపోతే మర్నాడు లీవ్ మీద సంతకం పెట్టకపోవటం. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెప్తున్నా, ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

అప్పుడు నా ముందున్న దారులు మూడు. మా ఓనర్ గారు ఫోన్లో చెప్పింది మొదటిది, "సీజన్ టైం కదండీ, ఇద్దర్నీ పిలిచి మాట్లాడి సర్దేయండి". అకౌంట్స్‌లో ఒకాయన చెప్పింది రెండోది, "వాణ్ణి ఇవాళే సస్పెండ్ చేయండి సార్, మన మీదకు రాకుండా ఉంటది". మూడోది కవర్ తీసుకెళ్లి, ఇలాంటి కంప్లైంట్లు విచారించటానికి ఆఫీసులోనే ఉండే ఇంటర్నల్ కమిటీ చేతిలో పెట్టి, విచారణ అయ్యేదాకా ఇద్దరి పనీ ఒకరికొకరికి తగలకుండా చూడటం.

మొదటి దారి నేను ఒకసారి నడిచినదే, ఇంతకుముందు వేరే ఊళ్లో వేరే కంపెనీలో టీం లీడ్‌గా ఉన్నప్పుడు. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టా, ఆమె తల దించుకుని "సరే సార్" అంది, అతను "సారీ మేడం, నా ఉద్దేశం అది కాదు" అన్నాడు, నేను పెద్ద పని చేశాననుకున్నా. నెలన్నరలో ఆమె మానేసింది. అతని సంగతి ఇంకోలా అయింది, ఏ విచారణా జరగలేదు కాబట్టి తప్పు చేశాడని ఎవరూ తేల్చలేదు, చేయలేదనీ తేల్చలేదు, కానీ ఆ సారీ మాత్రం ఆఫీసంతా పాకి అతను ఒప్పుకున్నాడనే పేరు మిగిలిపోయింది. అంటే నేను ఇద్దరికీ అన్యాయం చేశాను. ఇప్పటికీ బాధగానే ఉంటది.

చట్టం చూసినా ఇది మేనేజర్ చేసే పని కాదు. పని చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది, అందులో రాజీ అనేది ఉంది కానీ అది ఆమె తనంతట తాను అడిగితేనే, విచారణ మొదలవకముందు, కమిటీ ద్వారానే జరగాలి, డబ్బు ఇచ్చి సర్దుకోవటం అస్సలు కుదరదు. ఇంకో ముఖ్యమైన విషయం టైం. ఘటన జరిగిన మూడు నెలల్లోపు, పదేపదే జరిగితే చివరిది జరిగిన మూడు నెలల్లోపు, కంప్లైంట్ రాతపూర్వకంగా కమిటీకి చేరాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు పొడిగించొచ్చు. కాగితం మీద నా పేరు రాసినా అసలు అందుకోవాల్సింది కమిటీయే. చూద్దాం మాట్లాడదాం అంటూ నేను డ్రాయర్లో పెట్టుకుంటే తరిగిపోయేది ఆమె గడువే.

రెండో దారి, వెంటనే సస్పెన్షన్. బయటికి గట్టి చర్యలా కనపడుద్ది కానీ అతని మాట ఒక్కటి కూడా వినకముందే శిక్ష వేసినట్టు అందరికీ అర్థమవుద్ది, తర్వాత కమిటీ ఏం తేల్చినా ఆ ముద్ర చెరగదు. ఆమెకీ మేలు కాదు, "ఫలానా అమ్మాయి వల్ల వాడి ఉద్యోగం పోయింది" అని హమాలీల దగ్గర్నుంచి ఓనర్ దాకా అంటారు. సస్పెన్షన్ ఎప్పుడూ తప్పే అనట్లేదు. ఆమెను బెదిరిస్తున్నాడని, సాక్షుల మీద ఒత్తిడి పెడుతున్నాడని, మెసేజ్‌లు డిలీట్ చేయిస్తున్నాడని తెలిస్తే, లేదా ఉన్న జాగాలో ఇద్దర్నీ విడదీయటం ఏ రకంగానూ కుదరకపోతే, అప్పుడు కంపెనీ సర్వీసు రూల్స్ ప్రకారం, కారణం రాసి చేయాలి. కంగారులో తీసుకునే మొదటి అడుగు మాత్రం అది కాకూడదు.

నేను పట్టుకుంది మూడో దారి. ఇందులో కూడా తప్పులు చేయటానికి బోలెడు చోటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

ఆ పొద్దున కవర్ మీద తేదీ, టైం రాసి సంతకం పెట్టి ఆమెకు ఒక జిరాక్స్ ఇచ్చా. రెండే రెండు ప్రశ్నలు అడిగా, ఇప్పుడు ఆఫీసులో ఉండటానికి భయంగా ఉందా, ఇవాళ అతనితో పని ఏమైనా పడుతుందా. అసలేం జరిగింది, ఎందుకు ఇన్నాళ్లు చెప్పలేదు, ఇంకెవరైనా చూశారా అని అడగలేదు. నిజంగా నోటి దాకా వచ్చింది, ఆపుకున్నా. ఎందుకంటే నాకు ఒకసారి చెప్పి, కమిటీకి ఇంకోసారి చెప్పినప్పుడు రెండింట్లో చిన్న తేడా ఉన్నా అదే పట్టుకుని అబద్ధం అంటారు, పైగా రేపు నేనే సాక్షినవుతా. "ఎవరికీ చెప్పనమ్మా" అని మాట కూడా ఇవ్వకూడదు, అది నిలబెట్టుకోలేం. "కమిటీకి ఇవ్వాలి, వాళ్లు తప్ప వేరేవాళ్లకి నా నోట రాదు, పోలీసులకు కూడా ఇవ్వాలనుకుంటే అది మీ ఇష్టం, కంపెనీ సాయం చేయాలి, చేస్తుంది" అని చెప్పా.

మధ్యాహ్నం లోపు కవర్ కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసర్ చేతిలో ఉంది. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా ఈ కమిటీ ఉండాలి, అధ్యక్షత సీనియర్ మహిళా ఉద్యోగిది, సగం మందైనా ఆడవాళ్లుండాలి, ఒకరు బయటి స్వచ్ఛంద సంస్థ నుంచో, ఈ విషయాలు తెలిసినవాళ్లలోంచో రావాలి. మా కమిటీలో ఒకావిడకి ఆ సూపర్‌వైజర్‌తో చుట్టరికం ఉంది, మన ఊళ్లల్లో ఇది మామూలే కదా, ఆవిడే తప్పుకున్నారు. ప్రిసైడింగ్ ఆఫీసర్‌తో కలిపి ముగ్గురుంటే విచారణ నడుస్తుంది కాబట్టి ఇబ్బంది కాలేదు. పదిమందికన్నా తక్కువున్న షాపులు, కమీషన్ కొట్లు అయితే, లేదా కంప్లైంట్ ఓనర్ మీదే అయితే, జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లాలి.

అదే రోజు కమిటీని అడిగి ఇంకో పని చేయించా, సీసీ కెమెరా రికార్డింగ్. డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ నిండగానే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుద్ది, మాదాంట్లో ఇరవై రోజులు కూడా నిలవదు. శాంపిల్ రూం బయట కెమెరా ఫుటేజీ, గేట్ రిజిస్టర్, హాజరు, లీవ్ అప్లికేషన్లు కాపీ తీయించి సీల్ వేసి కమిటీకి ఇచ్చాం. నేను చూడలేదు. ఆ ఫుటేజీ ఆమెకి ఎంత పనికొస్తుందో, నిజంగా ఆ టైంలో అతను కోల్డ్ స్టోరేజీ దగ్గరే ఉంటే అతనికీ అంతే పనికొస్తుంది. రాజీ మాటల్లో మూడు వారాలు గడిపి ఉంటే ఇద్దరికీ పోయేది.

ఇక అసలు చిక్కు, ఎవరు జరగాలి? మన ఆఫీసుల్లో అలవాటుగా జరిగేది ఆమెనే వేరే సెక్షన్‌కి పంపటం, "నీ మంచికేనమ్మా" అంటూ. నేనడిగితే ఆమె ఒకటే మాట అంది, "నన్ను ల్యాబ్‌లోంచి తీస్తే తప్పు నాదే అన్నట్టుంటది సార్". చట్టంలో దీనికి పద్ధతి ఉంది, విచారణ నడుస్తుండగా ఆమె రాసి అడిగితే కమిటీ సిఫారసు చేయొచ్చు, ఇద్దరిలో ఒకరిని మార్చటం, ఆమెకు మూడు నెలల వరకు లీవ్, అది మామూలు లీవుల్లోంచి తగ్గించకుండా, లేదా ఆమె పని మీద అతను రిపోర్టు రాయకుండా ఆపటం. వీటిల్లో అన్నిటికన్నా తక్కువ గొడవతో ఎక్కువ పనిచేసేది ఈ చివరిదే అని నా అభిప్రాయం. లీవ్ సంతకం, పని మెచ్చుకోలు, ఇంక్రిమెంట్ మాట అతని చేతిలో ఉన్నంతకాలం వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టినా ఏం లాభం? మొదటి రోజే ఆమె ఒప్పుకున్నాక ఆమె రిపోర్టింగ్ నాకు మార్చుకున్నా. తర్వాత ఆమె రాసిచ్చింది, కమిటీ సిఫారసు చేసింది, అతన్ని విచారణ అయ్యేదాకా కోల్డ్ స్టోరేజీ వైపు లోడింగ్‌కి పంపాం.

ఇక్కడ అతని వైపు ఒక విషయం దాదాపు మర్చిపోయాం. డిస్పాచ్ వాళ్లకి లోడుకింత అని సీజన్ ఇన్సెంటివ్ ఉంటది, అటు పంపితే అది పోతుంది, అంటే ఇంకా ఏమీ తేలకముందే జీతం కోసినట్టే. అంతకుముందు మూడు నెలల సగటు లెక్కేసి ఇవ్వాలని ఓనర్ గారితో ఒప్పించటానికి నాకు రెండు రోజులు పట్టింది. పట్టినా సరే, అది చేయకపోతే తాత్కాలిక ఏర్పాటు అనే మాటకి అర్థమే లేదు.

అతనికి చెప్పటం ఎలా? ఆరోపణ ఏంటో చెప్పాల్సింది నేను కాదు, కంప్లైంట్ కాపీ కమిటీ ఏడు పనిదినాల్లో అతనికి పంపాలి, అందిన పది పనిదినాల్లో అతను జవాబు, సాక్షుల పేర్లు, కాగితాలు ఇవ్వాలి, విచారణ మొత్తం 90 రోజుల్లో అవ్వాలి. కానీ ముందు పని మార్చేసి, లెటర్ వారం తర్వాత వస్తే, ఆ వారమంతా అతను ఊళ్లో వాళ్ల నోటినుంచి వింటాడు. అందుకే మార్పు చెప్పే రోజే కాపీ కూడా అందేలా చూడమని కమిటీని బతిమాలా. గదిలో ఒక్కడినే కూర్చోబెట్టి ఇంతే చెప్పా, "కమిటీ నుంచి లెటర్ ఇస్తారు, అందులో ఉన్నదాని గురించి నేను మాట్లాడను. విచారణ అయ్యేదాకా కోల్డ్ స్టోరేజీలో పని, జీతం, ఇన్సెంటివ్ అలాగే ఉంటాయి, ఇది శిక్ష కాదు. ఆమెతో దీని గురించి నువ్వుగానీ, నీ తరఫున ఇంకొకళ్లుగానీ మాట్లాడొద్దు". టీం వాట్సాప్ గ్రూప్‌లో రోస్టర్ మార్పు మాత్రం పెట్టా, కారణం రాయలేదు, అడిగినవాళ్లకి "పని సర్దుబాటు" అన్నా. పేర్లు, కంప్లైంట్‌లో ఏముంది, కమిటీ ఏం చెప్పింది ఇవేవీ బయటపెట్టకూడదని చట్టమే అంటుంది, కాబట్టి చివరికి ఏం తేలిందో ఇక్కడ కూడా చెప్పను.

ఒక్కటి చెప్తా. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి అతను అడిగాడు, "సార్, మీరు నమ్ముతున్నారా ఇదంతా?" కవర్ ఇచ్చిన రోజు ఆమె కూడా అదే తలుపు దగ్గర అదే అడిగింది, "మీరైనా నమ్ముతున్నారా సార్?" అని. ఆమెకు చెప్పిందే అతనికీ చెప్పా, నమ్మాలా వద్దా అనేది నేను తేల్చేది కాదు, మీరు చెప్పేది పూర్తిగా వినేవాళ్ల దగ్గరకి చేర్చటం వరకే నాది. అతనికి నచ్చలేదు, ఆ రోజు ఆమెకూ నచ్చలేదు.